‘ఏం లేదు’ దగ్గర ఆగిపోయిన మాట

ప్రశ్న: మేమిద్దరం కలవడం మొదలుపెట్టి ఐదు వారాలైంది. నేను వైట్‌ఫీల్డ్‌లో పీజీలో ఉంటాను, తను ఎలక్ట్రానిక్ సిటీలో. పోయిన శనివారం సాయంత్రం ఐదింటికి జయనగర్‌లో కలుద్దామనుకున్నాం. నేను మెట్రోలో టైమ్‌కి వెళ్లాను. తను బైక్ మీద ఆరు పదికి వచ్చాడు. మధ్యలో ‘వస్తున్నా’ అని ఒక్క మెసేజ్ పెట్టాడంతే. వచ్చాక ‘ట్రాఫిక్’ అన్నాడు, నేను ‘సరేలే’ అన్నాను. రాత్రి ‘కోపమా?’ అని అడిగితే ‘ఏం లేదు’ అని పెట్టాను. తను బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకున్నాడు. ఇవాళ మంగళవారం. గుడ్ మార్నింగ్, తిన్నావా తప్ప మాటల్లేవు. ఈ విషయం తీస్తే మొదటి గొడవ అవుతుందేమోనని భయం. తీయకపోతే లోపల తొలుస్తోంది. వదిలేయనా, మాట్లాడనా? మాట్లాడితే ఎలా మొదలుపెట్టాలండీ?

సమాధానం:

మాట్లాడండి. ఐదు వారాల పరిచయంలో మింగేసిన మాట అరగదు. కానీ ఇవాళ రాత్రే చాట్‌లో మొదలుపెట్టకండి. రేపటిదాకా ఆగి, గొంతు వినబడేలా మాట్లాడండి. బెంగళూరులో పద్నాలుగేళ్లుగా జంటలకు కౌన్సెలింగ్ చేస్తున్నాను. మీలాంటి సంగతులు నా దగ్గరికి వచ్చేసరికి ఆలస్యం అసలు సమస్యగా మిగిలి ఉండదు. దాని మీద పేరుకున్న ‘ఏం లేదు’లే సమస్య అవుతాయి.

మీరు రాసిన నాలుగు మాటల్నే ఒకసారి చూడండి. తెలుగులో ‘సరే’కి, ‘సరేలే’కి చాలా తేడా ఉంది. ‘సరే’ అంటే ఒప్పుకున్నట్టు. ‘సరేలే’ అంటే ఇక ఆపు అన్నట్టు. ఆ ‘లే’లో మీ కోపమంతా ఉంది. అతను దాన్ని పట్టుకున్నాడు కాబట్టే రాత్రి ‘కోపమా?’ అని అడిగాడు. అది తలుపు తట్టడమే. మీరు ‘ఏం లేదు’ అన్నారు. అతని వైపు నుంచి చూస్తే, తను అడిగాడు, మీరు లేదన్నారు, ఇంకా గుచ్చి అడిగితే బాగుండదనుకున్నాడు. ఆ బొటనవేలు నిర్లక్ష్యం కావచ్చు, ‘హమ్మయ్య’ కావచ్చు, చిన్నబుచ్చుకోవడమూ కావచ్చు. ఒక బొమ్మను చూసి ఇందులో ఏది అని మీరు తేల్చలేరు, నేనూ తేల్చలేను. ఈ మూడు రోజుల్లో మీరు మాత్రం మొదటిదే అని తేల్చేసుకుని ఉంటారని నా అనుమానం.

అలా తేల్చేసుకోవడం మీ తప్పేం కాదు. కొత్త పరిచయానికి ఉండే ఇబ్బందే అది. పదేళ్ల కాపురంలో మనిషి గంట లేటుగా వస్తే, వేళకి వచ్చిన రోజులు, జ్వరమొస్తే పక్కన కూర్చున్న రాత్రులు అన్నీ కలిపి తూస్తాం. మీకు అతని గురించి తెలిసిందల్లా ఐదారు సాయంత్రాలు. అందులో ఒకటి చెడితే మొత్తంలో ఐదో వంతు చెడినట్టు కనిపిస్తుంది. ‘ఆ రోజు లేటయింది’ అనాల్సిన చోట ‘ఇతను ఇంతే’ అని మనసు రాసేసుకుంటుంది. మనం లేటయితే ట్రాఫిక్, అవతలివాళ్లు లేటయితే స్వభావం. అందరికీ ఉండే పక్షపాతమే ఇది. అవతలి మనిషి గురించి తెలిసింది తక్కువైనప్పుడు ఇంకా గట్టిగా పనిచేస్తుంది.

అందుకని మాట్లాడే ముందు ఒక పని చేయండి. పది నిమిషాలు చాలు. ఒక కాగితం తీసుకుని మధ్యలో గీత గీయండి. ఎడమ వైపు, అక్కడ ఒక కెమెరా పెట్టి ఉంటే ఏది రికార్డయ్యేదో అది మాత్రమే రాయండి. ఐదింటికి అనుకున్నాం. మధ్యలో ఒక మెసేజ్ వచ్చింది. ఆరు పదికి వచ్చాడు. ‘ట్రాఫిక్’ అన్నాడు. ఇంత సేపు నిలబెట్టినందుకు సారీ అనలేదు. కుడి వైపు, వాటి నుంచి మీరు తీసుకున్న అర్థాలు రాయండి. నాకు విలువ లేదు. ఫ్రెండ్స్ అయితే ఇలా చేసేవాడు కాదు. ఇప్పుడే ఇలా ఉంటే రేపు ఎలా ఉంటాడో. ఇలా రాసుకుంటుంటే చాలామంది కుడి వైపు వాక్యాల్లో ఒకటి రెండింటిని వాళ్లే కొట్టేస్తారు. ఎంత కొట్టేసినా మిగిలేది ఒకటుంటుంది. మీరు మాట్లాడాల్సింది దాని గురించే. మీ ఉత్తరం చదివితే నాకు తోచింది ఇది: లేటవడం కన్నా, ఎంత లేటో తెలియకుండా మెట్రో మెట్ల దగ్గర డెబ్బై నిమిషాలు నిలబడడం మిమ్మల్ని బాధపెట్టింది. అది నిజమో కాదో మీకే తెలియాలి. నిజమైతే మీరు మాట్లాడాల్సింది అతని స్వభావం గురించి కాదు, కబురు గురించి. ఈ రెండోది చాలా చిన్న విషయం.

ఇక చాట్ ఎందుకు వద్దంటున్నానో చెబుతాను. జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ, మరికొందరు కలిసి 2005లో ప్రచురించిన ఒక పరిశోధన ఉంది. కొన్ని వాక్యాలను కొందరు ఈమెయిల్‌లోనూ కొందరు గొంతుతోనూ చెప్పారు. వాటిలో కొన్ని నిజంగా అన్నవి, కొన్ని వెటకారంగా అన్నవి. అవతలివాళ్లు ఏది ఏదో గుర్తుపడతారా అని అడిగితే, రెండు దారుల్లో పంపినవాళ్లూ నూటికి 78 సార్లు గుర్తుపడతారని ధీమాగా చెప్పారు. గొంతు విన్నవాళ్లు దాదాపు 73 సార్లు గుర్తుపట్టారు. ఈమెయిల్ చదివినవాళ్లు గుర్తుపట్టింది 56 సార్లే. నాణెం ఎగరేసి చెప్పినా 50 సార్లు సరిపోతుంది. ఇందులో అసలు ప్రమాదం ఆ ధీమాలో ఉంది. రాసేటప్పుడు మన గొంతు మన చెవిలో మోగుతుంటుంది కాబట్టి అవతలివాళ్లకీ అలాగే వినబడుతుందనుకుంటాం. మీ ‘ఏం లేదు’ మీ చెవిలో గద్గదంగా ఉంది. అతని ఫోన్‌లో అది వట్టి ఏం లేదు. పొడుగాటి మెసేజ్ రాసి పంపితే గొడవ తగ్గుతుందని కొందరు అనుకుంటారు. పన్నెండు లైన్ల మెసేజ్‌ని అవతలివాళ్లు ఆఫీసులో మీటింగ్ మధ్య చదువుతారు. అందులో అన్నిటికన్నా పదునైన లైను మాత్రమే గుర్తుంటుంది, దానికే జవాబిస్తారు.

కాబట్టి చాట్‌ని టైమ్ అడగడానికి మాత్రమే వాడండి. ‘మనం మాట్లాడాలి’ అని మాత్రం రాయకండి. ఆ రెండు మాటలు చదివిన మనిషికి ఆ రాత్రంతా టెన్షనే. మర్నాటికల్లా వాదన సిద్ధం చేసుకుని వస్తాడు. విషయం ఏమిటో, ఎంత పెద్దదో, ఎంతసేపో ముందే చెప్పేయండి. ‘రేపు ఏడున్నర తర్వాత ఒక పావుగంట ఫోన్ చేయనా? శనివారం లేటయింది కదా, దాని గురించి ఒక చిన్న మాట. కంగారు పడాల్సిందేం లేదు’ అంటే సరిపోతుంది. రాత్రి పదకొండు తర్వాత వద్దు, ఆఫీసు నుంచి బస్సులో వస్తూ వద్దు, ఆకలి మీద అసలే వద్దు. పీజీలో గదికి ముగ్గురుంటే గదిలోంచి మాట్లాడలేరు. పక్క మంచం మీది అమ్మాయి వింటోందని తెలిస్తే గొంతు మారిపోతుంది. టెర్రస్ మీదికి వెళ్లండి, ఆరేసిన బట్టల మధ్య ఒక మూల దొరక్కపోదు.

నేరుగా కలిసి మాట్లాడగలిగితే ఇంకా మంచిదే. అప్పుడు కేఫ్‌లో ఎదురెదురుగా కూర్చోకండి. లాల్‌బాగ్ లాంటి చోట పక్కపక్కనే నడుస్తూ మాట్లాడండి. కళ్లలో కళ్లు పెట్టి తప్పు వినడం కష్టం, నడుస్తూ వినడం తేలిక. క్యాబ్‌లో మాత్రం వద్దు. మన మాట ఎవరికీ అర్థం కాదులే అనుకోవడానికి ఈ ఊళ్లో లేదు, డ్రైవర్లలో చాలామందికి తెలుగు వస్తుంది.

ఫోన్ ఎత్తాక మొదటి రెండు మూడు వాక్యాల మీదే చాలా ఆధారపడి ఉంటుంది. ఇది నా అనుభవంతో మాత్రమే అంటున్న మాట కాదు. సిబిల్ కరెర్, జాన్ గాట్‌మన్ అమెరికాలో 124 కొత్త జంటలు ఒక గొడవ విషయం మీద మాట్లాడుకోవడాన్ని రికార్డు చేసి, ఆ తర్వాత ఆరేళ్లు వాళ్ల కాపురాలను గమనించారు. ఆ ఫలితాలు 1999లో వచ్చాయి. మాట మొదటి మూడు నిమిషాల్లో ఎలా నడిచిందన్న దాన్నిబట్టే విడిపోయిన జంటలకూ కలిసి ఉన్న జంటలకూ తేడా కనిపించింది. వాళ్లు అక్కడి జంటలు, అందులోనూ పెళ్లయినవాళ్లు. అయినా దెప్పుడుతో మొదలైన మాట దెప్పుడుతోనే ముగియడం నా గదిలోనూ వారం వారం చూస్తున్నాను.

తెలుగులో మనకు ఒక సౌలభ్యం ఉంది. మన భాషలో బాధ ‘నాకు’ అనిపిస్తుంది, ‘నాకు’ కలుగుతుంది. అక్కడి నుంచే మొదలుపెట్టండి. ‘నాకు శనివారం బాధనిపించింది’ అంటే అతను కాదనడానికి ఏమీ ఉండదు. ‘నువ్వు నన్ను బాధపెట్టావు’ అంటే వెంటనే ‘నేనేం చేశాను’ అని వస్తుంది. ఇక్కడ చాలామంది పడే గుంట ఒకటుంది. ‘నువ్వు నన్ను లెక్కచేయవనిపించింది’ అంటారు. చివర్లో ‘అనిపించింది’ తగిలించినా అది నింద కిందే లెక్క. బాధ, చికాకు, భయం, సిగ్గు మీలో కలిగేవి. లెక్కచేయకపోవడం, వాడుకోవడం, చులకన చేయడం అవతలివాళ్లు చేసేవి. మొదటి రకం మాటలే వాడండి. ‘ఎప్పుడూ’, ‘అసలు’, ‘కనీసం’ ఈ మూడింటినీ ఆ పావుగంట పక్కన పెట్టండి. ఐదు వారాల్లో ఒక్కసారి జరిగినదానికి ‘ఎప్పుడూ’ అంటే అది అబద్ధం కూడా.

మీరైతే ఇలా మొదలుపెట్టొచ్చు. ‘ముందుగా ఒక మాట. ఆ రోజు రాత్రి నువ్వు అడిగితే ఏం లేదన్నాను, అది నిజం కాదు. కోపంగానే ఉన్నాను, చెప్పలేకపోయాను. శనివారం ఐదు నుంచి ఆరు పది దాకా స్టేషన్ దగ్గర నిలబడ్డాను. ఎప్పుడొస్తావో తెలియక చాలా ఇబ్బందిగా, చివరికి ఏడుపొచ్చేటట్టు అనిపించింది. ఏమైందో నీ నుంచి వినాలనుంది.’ ఇంతే. మీ వాటా తప్పుని ముందు పెట్టడం తగ్గడమనుకోకండి. మీ ‘ఏం లేదు’ నిజంగానే పొరపాటు. దాన్ని మీరు ఒప్పుకుంటే అతనికీ తన వాటా ఒప్పుకోవడం తేలికవుతుంది.

ఆ తర్వాత ఆగండి. అన్నిటికన్నా కష్టమైంది ఇదే. నాలుగు సెకన్లు నిశ్శబ్దం వస్తే మనం భయపడి, ఆ ఖాళీ నింపడానికి ఇంకో ఫిర్యాదు తీస్తాం. ‘అంతే కాదు, ఆ ముందు వారం కూడా...’ అన్నారో, ఒకటి రెండైపోయి అతను దేనికి జవాబు చెప్పాలో తెలియక కోట కట్టుకుంటాడు. ఆ ముందు వారం సంగతి నిజంగా ఉంటే ఇంకో రోజు మాట్లాడొచ్చు.

అతని మొదటి జవాబు బాగుండకపోవచ్చు. ‘సిల్క్ బోర్డ్ దగ్గర ట్రాఫిక్ నా చేతుల్లో ఉందా?’ అనొచ్చు. దాంతోనే మనిషిని కొలవకండి. ఊహించని మాట విన్నప్పుడు ఎవరైనా ముందు చెయ్యి అడ్డం పెట్టుకుంటారు. ‘లేదు, ట్రాఫిక్ నీ చేతుల్లో లేదు. లేటయినందుకు కాదు, ఎంతసేపో తెలియనందుకు’ అని గొంతు పెంచకుండా ఒక్కసారి సరిచేయండి. చాలామంది రెండో జవాబుకల్లా కిందికి దిగుతారు. అప్పుడు అసలు కారణం బయటికొస్తుంది. బయల్దేరేముందు ఆఫీసు కాల్ వచ్చిందనో, బైక్ మీద ఉంటే ఫోన్ తీయలేననో, లేటని చెబితే మీరు తిరిగి వెళ్లిపోతారేమోనని భయపడ్డాననో అంటాడు. ఆ చివరి కారణాన్ని నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఏం చెప్పినా, దాన్ని మీ మాటల్లో ఒకసారి తిరిగి అనండి. ‘అంటే చెబితే నేను వెళ్లిపోతాననుకున్నావు, అంతేనా?’ అని. అలా అంటే ఒప్పుకున్నట్టు కాదు, విన్నట్టు.

గొంతులు పెరుగుతున్నాయనుకోండి. గుండె దడదడలాడుతోంది, చెవులు వేడెక్కాయి, అతను ఒక వాక్యం పూర్తి చేయకముందే మీ జవాబు నోట్లోకి వస్తోంది. అలాంటప్పుడు తెలివైన మాట ఎవరికీ రాదు, ఆపేయండి. ‘ఇప్పుడు నాకు సరిగ్గా మాట రావడం లేదు. ఎనిమిదిన్నరకి నేనే చేస్తాను’ అని, చెప్పిన టైమ్‌కి మీరే చేయండి. శరీరం చల్లబడడానికి కనీసం ఇరవై నిమిషాలు కావాలి, అరగంటైతే మేలు. టైమ్ చెప్పకుండా పెట్టేస్తే అది విరామం కాదు, శిక్ష. ఆ అరగంటలో జరిగిందాన్నే నెమరేసుకుంటూ రూమ్మేట్‌కి చెబుతూ కూర్చుంటే దడ తగ్గదు. స్నానం చేయండి, బట్టలు మడవండి. చాట్ స్క్రీన్‌షాట్లు ఫ్రెండ్స్ గ్రూపులో పెట్టడం మాత్రం చేయకండి. మీరు రేపు మర్చిపోతారు, వాళ్లు మర్చిపోరు. ఆర్నెల్ల తర్వాత అతన్ని పరిచయం చేసినప్పుడు ‘ఓ, ఆ గంట లేటాయనా’ అన్నట్టు చూస్తారు.

మాట చల్లబడ్డాక ఒకే ఒక్కటి అడగండి. చేయడానికి వీలైనదై ఉండాలి, చేశాడో లేదో కంటికి కనబడాలి. ‘ఇంకెప్పుడూ లేట్ చేయకు’ అంటే ఈ ఊళ్లో ఎవరివల్లా కాదు. ‘నాకు కొంచెం విలువ ఇవ్వు’ అంటే ఏం చేయాలో అతనికి తెలియదు. ‘పదిహేను నిమిషాలు దాటి లేటయ్యేటట్టుంటే బండి పక్కకి ఆపి, ఎక్కడున్నావో, ఇంకా ఎంతసేపో ఒక్క మెసేజ్ పెట్టు’ అంటే తెలుస్తుంది. అతను కూడా మీ నుంచి ఏదో ఒకటి అడగొచ్చు, అడగమనండి. ‘కోపమొస్తే ఏం లేదనకు’ అంటాడని నేననుకుంటున్నాను.

ఇంతవరకు చెప్పింది అపార్థానికి. అపార్థం విడిపోయాక కూడా మిగిలేది ఒకటుంటుంది, అది అభిప్రాయభేదం. ఈ రెండూ కలిసిపోయినప్పుడే ఎక్కువమంది తికమకపడతారు. నా దగ్గరికి వచ్చిన ఒక జంట సంగతి, ఆనవాళ్లు మార్చి చెబుతాను. అబ్బాయిది కర్నూలు వైపు, అమ్మాయిది రాజమండ్రి వైపు. పరిచయమై ఆరు వారాలు. కోరమంగలలో అతని స్నేహితుడి గృహప్రవేశానికి ఇద్దరూ వెళ్లారు. అక్కడ ఒకాయనకు ఆమెను ‘మా ఫ్రెండ్’ అని పరిచయం చేశాడు. ఆమె ముఖం మాడిపోయింది. ఆ సాయంత్రం నుంచి అతన్ని ‘మీరు’ అనడం మొదలుపెట్టింది. అంతకుముందు రెండు వారాలుగా ‘నువ్వు’ అనేది. వాళ్ల వైపు దగ్గరివాళ్లను హఠాత్తుగా ‘మీరు’ అంటే దూరం పెట్టినట్టు. అతనికి అది అందలేదు. పదిమందిలో ఉన్నాం కదా, గౌరవంగా పిలుస్తోందేమో అనుకుని రెండు రోజులు సంతోషంగానే ఉన్నాడట. మూడో రోజు ఆమె ఫోన్ ఎత్తలేదు.

నా గదిలో ఆమె చెప్పిన మొదటి వాక్యం ‘నన్ను నలుగురిలో చెప్పుకోవడానికి సిగ్గుపడ్డాడు’. అది కుడి వైపు రాయాల్సిన మాట. ఎడమ వైపు ఉన్నది ఒక్క పదం, ‘ఫ్రెండ్’. ఆయన ఎవరని అతన్ని అడిగాను. పెదనాన్న కొడుకు. ‘ఆయనతో ఇంకో మాట అంటే ఆ రాత్రికే మా అమ్మకి తెలిసిపోతుంది. అమ్మకి నేనే చెప్పాలి, ఇంకొకరి నోట వినకూడదు’ అన్నాడు. ఆమె ఆ బంధుత్వం మొదటిసారి వింటోంది. భుజాలు కిందికి దిగాయి. అపార్థం అక్కడ విడిపోయింది, పది నిమిషాలు కూడా పట్టలేదు.

కానీ ఆమె వెంటనే ఇంకో ప్రశ్న అడిగింది. ‘మరి మీ అమ్మకి ఎప్పుడు చెబుతారు?’ అతను ఆర్నెల్లు కావాలన్నాడు. ఆమె ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు, ఆర్నెల్లు ఆపడం కుదరదు. ఇందులో ఎవరూ ఎవరినీ తప్పుగా అర్థం చేసుకోలేదు. ఇద్దరికీ అంతా స్పష్టంగానే ఉంది, ఇద్దరికీ కావలసింది వేరు. ఎంత మెత్తగా మాట్లాడినా ఇలాంటిది ఒక్క పూటలో కరగదు, కరిగించాలని చూడకూడదు కూడా. నేను వాళ్లను అడిగింది రెండే. ఒకరి కారణాన్ని ఇంకొకరు తప్పు లేకుండా చెప్పగలరా? మళ్లీ ఎప్పుడు మాట్లాడాలో తేదీ పెట్టుకోగలరా? అతని తండ్రి లేరు. అమ్మకు చెప్పాలంటే ముందు అన్నయ్యను ఒప్పించాలి. ఆమె తన నోటితో ఇది చెప్పింది. ఆమె ప్రతి వారం ఇంట్లో ఒక ఫోటో వద్దనడానికి ఒక అబద్ధం చెప్పాలి. అతను తన నోటితో ఇది చెప్పాడు. ఆరు వారాలకు తేదీ పెట్టుకున్నారు, అప్పటిదాకా రోజూ ఈ విషయం తీయకూడదనుకున్నారు. ఈలోగా చేయగలిగింది ఒకటి ఆమె అడిగింది. ‘ఎక్కడికైనా తీసుకెళ్లే ముందు అక్కడ ఎవరుంటారో, నన్నేమని చెబుతారో నాతో చెప్పండి. నాకు తెలిసి చెబితే ఫ్రెండ్ అన్నా ఫర్వాలేదు.’ అతను సరేనన్నాడు. గది దాటేటప్పుడు ఆమె ‘నువ్వు బైక్ తీసుకురా, నేను కింద ఉంటా’ అంది. ఆ ‘నువ్వు’ విని అతను నా వైపు తిరిగి చూశాడు.

మీ విషయంలోనూ మాట్లాడాక ఇలాంటిది ఏదైనా మిగలొచ్చు. అతను ‘అరగంట లేటంటే మా ఫ్రెండ్స్‌లో అసలు లేటే కాదు, నాకది పెద్దగా అనిపించదు’ అన్నాడనుకోండి. అది అపార్థం కాదు, టైమ్ గురించి ఇద్దరికీ ఉన్న తేడా. ఆ పూటే గెలవాలని చూడకండి. కబురు పెట్టడం ఒక్కటి ఒప్పుకున్నాడా లేదా చూడండి, మిగతాది ఇంకో నెల చూస్తే తెలుస్తుంది.

ఇంకో సంగతి, ఇది తేలిగ్గా తీసుకోవద్దు. నేను చెప్పిందంతా ఇద్దరూ మామూలుగా ఉన్నప్పుడు పనికొచ్చేది. మీరు మెత్తగా చెప్పినా అతను ప్రతిసారీ మీదే తప్పని తేల్చినా, ‘నీకు పిచ్చి, ఎక్కువ ఊహించుకుంటావు’ అని నవ్వి తీసిపారేసినా, రోజుల తరబడి మాట్లాడకుండా శిక్షించినా అది అపార్థం కాదు. ఒక్కసారి అంటే అలిసిపోయి ఉండొచ్చు. రెండు మూడుసార్లు అదే జరిగితే మాట తీరు మార్చుకోవాల్సింది మీరు కాదు. ఫోన్ పాస్‌వర్డ్ అడగడం, ఎక్కడున్నావో ఫోటో పెట్టమనడం, వెళ్లిపోతే ఏదో చేసుకుంటానని బెదిరించడం, చెయ్యి ఎత్తడం లాంటివి కనిపిస్తే పావుగంట ఫోన్ గురించి ఆలోచించకండి. నమ్మకమైన ఒకరికి చెప్పి దూరం జరగండి. మహిళల హెల్ప్‌లైన్ 181 ఇక్కడా పనిచేస్తుంది. మీ ప్రశ్నలో నాకు అలాంటి నీడ కనబడలేదు. ‘కోపమా?’ అని తనే అడిగిన మనిషి అతను. మీకు మాత్రం ఒక ప్రశ్న. ఈ విషయం తీయడానికి భయమన్నారు. అది గొడవవుతుందేమోనన్న భయమా, అతని కోపమంటే భయమా? రెండోదైతే నాకు మళ్లీ రాయండి, జవాబు వేరేగా ఉంటుంది.

మొదటిదే అయితే, టైమ్ అడిగే మెసేజ్ ఇవాళే పెట్టేయండి. రేపు మాట్లాడండి. మాట్లాడాక ఆ రోజుకి ఆ విషయం వదిలి, తిన్నావా అని కాకుండా ఏం తిన్నావని అడగండి. ఈసారి కలిసేచోటు కొంచెం మార్చి చూడండి. మెట్రో ఎల్లో లైన్ వచ్చాక ఎలక్ట్రానిక్ సిటీ నుంచి ఆర్‌వీ రోడ్డుకి అతనికి సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌తో పనిలేదు. మీరు మెజెస్టిక్‌లో మారి గ్రీన్ లైన్‌లో అక్కడికే వస్తారు, జయనగర్ పక్కనే. అతను బైక్ మీదే వస్తానంటే రానివ్వండి. ఐదుంబావుకల్లా ‘ఇంకా బొమ్మనహళ్లిలోనే ఉన్నా, నలభై నిమిషాలు పడుతుంది’ అని మెసేజ్ వస్తే మెట్ల మీద నిలబడకండి. ఎక్కడైనా కూర్చుని కాఫీ తాగండి. అతను వచ్చాక ఇంకా చిరాగ్గానే ఉంటే ‘సరేలే’ అనకుండా ‘కొంచెం చిరాగ్గా ఉంది, ఐదు నిమిషాల్లో పోతుంది’ అనండి.